టమాటా ధర మూడింతలైనా రెపో రేటు ఎందుకు కదల్లేదు? లెక్కలు రాని బీఏ పిల్లలకు ఎలా చెప్పాలి?

చరిత్ర_మేడమ్
డిగ్రీ కాలేజీలో చరిత్ర, రాజనీతి, తెలుగు గ్రూపు పిల్లలకు ఈ సెమిస్టర్‌లో ద్రవ్యోల్బణం, ద్రవ్య విధానం చెప్పాల్సి వచ్చింది. ఇంటర్‌లో లెక్కలు వదిలేసి వచ్చినవాళ్ళే అందరూ. బోర్డు మీద శాతం గుర్తు వేస్తే పెన్నులు కింద పెడతారు.

2023 జూలైని ఉదాహరణగా తీసుకున్నాను, ఆ నెల టమాటా ధర వాళ్ళందరికీ గుర్తుంది కాబట్టి. చిల్లర ధరల ద్రవ్యోల్బణం 7.44 శాతం. ప్రభుత్వం రిజర్వు బ్యాంకుకు పెట్టిన లక్ష్యం 4, పై హద్దు 6. ఆ హద్దు కూడా దాటిపోయింది. అయినా ఆగస్టు 10న రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 6.50 దగ్గరే ఉంచారు. వెనక బెంచీ పిల్లవాడు లేచి, “ధరలు పెరిగితే వడ్డీ పెంచాలని మీరే చెప్పారు కదా మేడమ్, మరి పెంచలేదేం?” అన్నాడు. సూత్రాలు లేకుండా వాడికి జవాబు చెప్పాలి. సాయం చేయండి.

పుంజు_గారు
సింపుల్ అండీ. ప్రభుత్వం నోట్లు ఎక్కువ కొట్టింది, ధరలు పెరిగాయి. ఎక్కువ డబ్బు తక్కువ సరుకు వెంట పడితే ద్రవ్యోల్బణం. వడ్డీ పెంచితే డబ్బు వెనక్కి పోతుంది, ధరలు దిగుతాయి. ఆ నెల పెంచకపోవడం తప్పే, ఇంకేముంది.

సున్నాకూడిక
పుంజు గారు చెప్పింది సగం నిజం. డబ్బు సరుకు కంటే వేగంగా పెరుగుతూ పోతే చివరికి ధరలు పెరుగుతాయి, కాదనను. కానీ 2023 జూన్ నుంచి జూలైకి నోట్లు మూడింతలు కాలేదు. టమాటా ఒక్కటే అయింది. కాబట్టి ఆ నెల జరిగినదానికి నోట్లు కారణం కావు.

మేడమ్, ముందు శాతాన్ని పక్కన పెట్టి బుట్టతో మొదలెట్టండి. చిల్లర ధరల సూచీ అంటే మన ఇంటి నెల ఖర్చుల చిట్టా లాంటిదే. బియ్యం, కూరగాయలు, అద్దె, బస్సు చార్జీ, ఫీజులు, మందులు అన్నీ కలిపి అప్పట్లో దాదాపు 300 పద్దులు. అప్పటి 2012 నాటి చిట్టాలో మొత్తం ఖర్చు 10,000 రూపాయలు అనుకుంటే అందులో టమాటా వాటా 57 రూపాయలు. ఆలుగడ్డ 98, ఉల్లి 64. కూరగాయలన్నీ కలిపి 604.

ఇప్పుడు బోర్డు మీద ఇలా చేయండి. టమాటా ధర ఏడాదిలో మూడింతలైంది, అంటే 57 కాస్తా 171 అయింది. అదనంగా పడింది 114 రూపాయలు. పదివేల చిట్టా మీద 114 రూపాయలు అంటే 1.14 శాతం. ఆ నెల 7.44లో ఒక పాయింటు పైచిలుకు ఒక్క టమాటాదే. కూరగాయలన్నీ కలిపితే ధర సుమారు 37 శాతం పెరిగింది. 604లో 37 శాతం అంటే రమారమి 225 రూపాయలు, అంటే రెండుంబావు పాయింట్లు. అవి తీసేస్తే మిగిలేది 5కి కాస్త పైన.

పిల్లవాడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. అన్నీ ఒకేసారి పెరగడం వేరు, ఒకటి ఆకాశానికంటి మిగతావి మామూలుగా నడవడం వేరు. పైకి రెండూ ఒకే అంకెలా కనిపిస్తాయి.

(2012 తర్వాత ఒక్కో సరుకూ ఒక్కో తీరున పెరిగింది కాబట్టి అసలు లెక్క పైసల దగ్గర కొంచెం అటూ ఇటూ అవుతుంది. క్లాసులో దాని జోలికి పోవద్దు.)

రైతుబజార్_సంచి
మదనపల్లె వైపు వాళ్ళం మేము. ఆ జూలైలో ఏమైందో మీ చిట్టాలో కనబడదు. అంతకు ముందు వేసవిలో ధర లేక చాలామంది ఆ పంట జోలికే పోలేదు. కోలారు వైపు తెగులు, ఉత్తరాదిన వానలు. సరుకే లేదు. రెపో రేటు ఎంత పెంచినా మొక్కకు కాయ కాస్తుందా? నాటాక కాయ కోతకు రావడానికి రెండు నెలలకు పైనే పడుతుంది, అది వడ్డీ రేటు మాట వినదు.

సున్నాకూడిక
ఇది బోర్డు మీద రాయాల్సిన మాట. రెపో పెంచితే దాని ప్రభావం బ్యాంకుల వడ్డీల మీదికి, అక్కణ్నుంచి జనం కొనుగోళ్ళ మీదికి, చివరికి ధరల మీదికి రావడానికి మూడు నాలుగు త్రైమాసికాలు పడుతుందని లెక్క. టమాటా రెండు మూడు నెలల్లో వస్తుంది. ఆగస్టులో వేసిన మందు పని చేసేసరికి జబ్బు ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. జరిగిందీ అదే. ఆగస్టులో ద్రవ్యోల్బణం 6.83, సెప్టెంబరులో 5.02. ఈలోపు టమాటా ధర కుప్పకూలింది.

పుంజు_గారు
సరే, టమాటా వదిలేద్దాం. మరి 2022లో పెంచారు కదా, అప్పుడు మాత్రం ఎందుకు?

పాతరూపాయి
మంచి ప్రశ్న. 2022 మే 4న, మామూలు సమావేశాల తేదీ కాకుండానే, రెపో 4.00 నుంచి 4.40కి పెంచారు. తర్వాత జూన్‌లో 4.90, ఆగస్టులో 5.40, సెప్టెంబరులో 5.90, డిసెంబరులో 6.25, 2023 ఫిబ్రవరిలో 6.50. పది నెలల్లో రెండున్నర పాయింట్లు. ఉక్రెయిన్ యుద్ధంతో ముడి చమురు, వంట నూనెలు, గోధుమలు ఒకదాని వెంట ఒకటి పెరిగాయి. అది ఒక కూరగాయతో ఆగలేదు. రవాణా ఖర్చు అన్ని సరుకుల్లోకీ పాకింది. 2022 జనవరి నుంచి సెప్టెంబరు దాకా వరసగా మూడు త్రైమాసికాలు సగటు 6 పైనే ఉంది. చట్టం ప్రకారం అలా జరిగితే లక్ష్యం తప్పినట్టే. ఎందుకు తప్పిందో, ఎప్పటికి దారికి తెస్తారో రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి రాతపూర్వకంగా చెప్పుకోవాలి. ఆ నవంబరులో చెప్పుకుంది కూడా. రాజనీతి పిల్లలకు ఈ ముక్క నచ్చుతుంది, స్వతంత్ర సంస్థ అయినా సంజాయిషీ ఇవ్వాల్సిందే.

కాబట్టి 2023 ఆగస్టు నాటికి మందు ఇప్పటికే ఒంట్లో ఉంది. ఫిబ్రవరిలో పెంచినదాని పని ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. ఆ మీద టమాటా కోసం మరో డోసు వేస్తే టమాటా దిగదు, కొత్త ఇల్లు కొనేవాడూ చిన్న వర్క్‌షాపు పెట్టేవాడూ దెబ్బతింటారు.

బీఏ_రెండో_ఏడు
నేను ఆ క్లాసు పిల్లాణ్ని కాదు గాని అలాంటివాణ్నే. ఒక డౌటు. రెపో అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ అని బట్టీ పట్టాను. కానీ బ్యాంకుల దగ్గర మన డిపాజిట్లు బోలెడు ఉంటాయి కదా. వాళ్ళు అప్పు తీసుకోకపోతే రెపో ఎంతున్నా ఏంటి?

కౌంటర్_నంబర్_4
తమ్ముడూ, బ్యాంకులో చేరినవాళ్ళలో కూడా చాలామందికి ఈ డౌటు రాదు.

ముందు రెపో ఎలా ఉంటుందో చూడు. బ్యాంకుకు ఈ రోజు 100 కోట్లు తక్కువ పడ్డాయనుకో. తన దగ్గరున్న ప్రభుత్వ బాండ్లు రిజర్వు బ్యాంకుకు అమ్మి డబ్బు తీసుకుంటుంది, రేపు తిరిగి కొనుక్కుంటానని ఒప్పందం. బంగారం కుదువ పెట్టి తెచ్చుకున్నట్టే. 6.50 వడ్డీ అంటే ఏడాదికి ఆరున్నర కోట్లు, ఒక్క రాత్రికి సుమారు 1,78,000 రూపాయలు.

ఇప్పుడు నీ డౌటు. బ్యాంకుల దగ్గర డబ్బు మిగిలిపోయిన రోజుల్లో నిజంగానే ఎవరూ రెపోకి రారు. అప్పుడు పనిచేసేది కింది గట్టు. మిగిలిన డబ్బు రాత్రికి రిజర్వు బ్యాంకులోనే దాచుకోవచ్చు, దాన్ని ఎస్‌డీఎఫ్ అంటారు. 2023లో దాని మీద 6.25 ఇచ్చేవాళ్ళు. రిజర్వు బ్యాంకే 6.25 ఇస్తుంటే ఇంకో బ్యాంకుకు అంతకంటే తక్కువకు ఎవరిస్తారు? పై గట్టు 6.75, మరీ అత్యవసరమైతే ఆ రేటుకు దొరుకుతుంది కాబట్టి అంతకు మించి బయట ఎవరూ పెట్టరు. బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే ఒక్క రాత్రి అప్పు రేటు ఈ రెండు గట్ల మధ్యే కొట్టుకుంటుంది. రిజర్వు బ్యాంకుకు కావలసింది అది నడిమధ్యన, 6.50 దగ్గర ఉండటం. డబ్బు పొంగితే కింది గట్టుకు జారుతుంది. అంటే రేటు పెంచానని ప్రకటించినా, లోపల కొంత దించినట్టే అవుతుంది.

చరిత్ర_మేడమ్
గట్ల పోలిక బాగుంది, మా పిల్లలు కాలువ గట్ల మీద తిరిగేవాళ్ళే. అయితే ఆగస్టు 2023లో సీఆర్ఆర్, అదే బ్యాంకులు తమ డిపాజిట్లలో కొంత రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలన్న లెక్క, ఏదో మార్చారు కదా, దానికీ దీనికీ సంబంధం ఉందా?

కౌంటర్_నంబర్_4
అసలు కథ అదే మేడమ్. రెపో కదల్లేదని అందరూ రాశారు గాని, అదే రోజు ఇంకో తాళం తిప్పారు.

2023 మే 19న 2,000 నోటు ఉపసంహరణ ప్రకటించారు. అప్పటికి చలామణీలో ఉన్న ఆ నోట్ల విలువ 3.56 లక్షల కోట్లు. జూలై ఆఖరుకు 3.14 లక్షల కోట్లు వెనక్కొచ్చాయి, అందులో ఎక్కువ భాగం మార్చుకోవడం కాదు, ఖాతాల్లో వేయడమే. బీరువాల్లో పడుకున్న డబ్బు బ్యాంకుల్లోకి వచ్చి పడింది. గట్టు నిండింది.

దానికి తాత్కాలికంగా అదనపు సీఆర్ఆర్ పెట్టారు. ఒక బ్యాంకు డిపాజిట్లు మే 19న 1,000 కోట్లు, జూలై 28న 1,040 కోట్లు అనుకోండి. పెరిగింది 40 కోట్లు. అందులో పదో వంతు, 4 కోట్లు, రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి. అప్పట్లో మామూలుగా ఉంచే నాలుగున్నర శాతం, అంటే 46.8 కోట్లు, దీనికి అదనం. సీఆర్ఆర్ మీద పైసా వడ్డీ రాదు. దేశమంతా కలిపి అలా లక్ష కోట్లకు కాస్త పైన పక్కకు తీశారు. సెప్టెంబరు 8న ఎత్తేస్తున్నామని చెప్పి, సెప్టెంబరు 9న పావు, 23న పావు, అక్టోబరు 7న మిగతా సగం వదిలారు. పండగల సీజన్‌కు అప్పులివ్వడానికి డబ్బు కావాలి కదా.

పిల్లలకు తేడా ఇలా చెప్పండి. రెపో డబ్బు ధర, సీఆర్ఆర్ డబ్బు పరిమాణం. ఆ ఆగస్టులో ధర ముట్టుకోలేదు, పరిమాణం తగ్గించారు.

మియాపూర్_మల్లన్న
అన్నా ఇదంతా మంచిగనే ఉంది గాని నా లోన్ సంగతి చెప్పుండ్రి. 2022 మొదట్ల 20 లక్షల ఇంటి లోన్ తీస్కున్న, ఇరవై ఏండ్లకు, 7 శాతం. ఈఎంఐ 15,506. రేట్లు మస్తు పెరిగినయ్ అన్నరు, నా ఈఎంఐ మాత్రం రూపాయి పెరగలే. మా బ్యాంకోళ్ళు మంచోళ్ళు అనుకున్న. 2023ల స్టేట్‌మెంట్ చూస్తే ఇంకా పందొమ్మిదిన్నర లక్షలు బాకీ ఉన్నది. గిదేంది?

కౌంటర్_నంబర్_4
మల్లన్నా, బ్యాంకు ఈఎంఐ పెంచలేదు, కాలం పెంచింది. మీ లోన్ రెపోకు కట్టినదై ఉంటుంది. 2019 అక్టోబరు నుంచి కొత్త ఫ్లోటింగ్ ఇంటి లోన్లన్నీ ఇలా బయటి రేటుకు కట్టాలని నియమం. రెపో రెండున్నర పెరిగితే మీ 7 కాస్తా 9.5 అయింది.

పందొమ్మిదిన్నర లక్షల మీద 9.5 వడ్డీ అంటే నెలకు 15,437 రూపాయలు. మీరు కట్టేది 15,506. అసలుకు పోయేది 69 రూపాయలు. ఆ రేటే ఉండి, అదే ఈఎంఐ కడుతూ పోతే తీరడానికి యాభై ఏళ్ళు దాటుతుంది. అసలు 20 లక్షలూ అలాగే ఉండి ఉంటే నెల వడ్డీ 15,833. అంటే కట్టినకొద్దీ బాకీ పెరిగేది.

స్టేట్‌మెంట్‌లో అసలు, వడ్డీ రెండు వరసలు విడిగా ఉంటాయి, అసలు వరస చూడండి. అది వందల్లోకి పడిందంటే ప్రమాదం. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఆదేశం ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, కాలం పెంచుకోవాలా, రెండూ కొంత కొంతా, లేక కొంత మొత్తం ముందే కట్టేయాలా అన్నది కట్టేవాడికే వదలాలి. బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి. ఇరవై ఏళ్ళ లోన్‌కు 9.5 దగ్గర మొదటి నుంచీ లెక్కేస్తే ఈఎంఐ 18,643 అవుతుంది, ఇంచుమించు అంత పెంచుకుంటేనే మొదట అనుకున్న గడువులో తీరుతుంది.

పాతరూపాయి
మేడమ్, మీ పాఠానికి మల్లన్న గారి 69 రూపాయలకు మించిన ఉదాహరణ దొరకదు. ద్రవ్య విధానం జనం దాకా ఎలా చేరుతుందో, ఎక్కడ చేరకుండా ఆగిపోతుందో రెండూ అందులోనే ఉన్నాయి. ఈఎంఐ 3,000 పెరిగితే ఆ ఇంట్లో కొత్త ఫ్రిజ్ ఆగుతుంది, అమ్మకాలు తగ్గుతాయి, కంపెనీ ధర పెంచడానికి జంకుతుంది. రెపో పనిచేసే దారి అదే. ఈఎంఐ కదలకుండా కాలం సాగితే, ఈ నెల ఆ ఇంటి ఖర్చు తగ్గనే తగ్గదు.

పుంజు_గారు
ఇది నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి చెప్పండి. 2024 జూలైలో ద్రవ్యోల్బణం 3.54కి వచ్చింది, ధరలు తగ్గాయని టీవీలో ఊదరగొట్టారు. మా వీధి టిఫిన్ సెంటర్లో ఇడ్లీ ధర మాత్రం తగ్గలేదే?

సున్నాకూడిక
పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ద్రవ్యోల్బణం తగ్గడం అంటే ధర తగ్గడం కాదు, ధర పెరిగే వేగం తగ్గడం. బస్సు 60 నుంచి 30కి వచ్చినా వెనక్కి నడవదు.

2022 జూలైలో 100 రూపాయలైన బుట్ట, 2023 జూలైకి 107 రూపాయల 44 పైసలు. 2024 జూలైలో దాని మీద ఇంకో 3.54 శాతం. ఇప్పుడు బుట్ట 111 రూపాయల 24 పైసలు. పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఆ 3.54లో ఇంకో మాయ ఉంది. పోలిక ఎప్పుడూ గత ఏడాది అదే నెలతో. 2023 జూలై టమాటా కొండెక్కి ఉన్న నెల. కొండ పక్కన నిలబడితే ఎవరైనా పొట్టిగానే కనిపిస్తారు. అందుకే ఒక నెల అంకె చూపించి మాట్లాడేవాళ్ళను, గత ఏడాది ఆ నెల ఎంత ఉందని పిల్లల చేత అడిగించండి.

ఇక ఇడ్లీ. టమాటా దిగివస్తుంది, ఇడ్లీ రాదు. మెనూ బోర్డు మీద ఒకసారి మార్చిన ధర, వంటవాడికి ఒకసారి పెంచిన జీతం వెనక్కి పోవు. కూరగాయల ధర జీతాల్లోకి, హోటల్ ధరల్లోకి ఎక్కుతోందా లేదా అన్నదే రిజర్వు బ్యాంకు కాపలా కాసేది. ఎక్కడం మొదలైతే అది ఇక టమాటా సమస్య కాదు, అప్పుడు రెపో కదలాల్సిందే.

బీఏ_రెండో_ఏడు
టోకు ధరల సూచీ అదే జూలై 2023లో మైనస్ 1.36 అని చదివాను. చిల్లరలో 7.44 ప్లస్, టోకులో మైనస్! ఒకటి అచ్చుతప్పు అనుకున్నా.

పాతరూపాయి
రెండూ సరైనవే. టోకు చిట్టాలో ఫ్యాక్టరీ సరుకులు, లోహాలు, ఇంధనం ఎక్కువ. అవి 2022లో యుద్ధంతో పెరిగి 2023కి దిగాయి. అద్దె, ఫీజు, డాక్టరు లాంటి సేవలు అందులో లేనే లేవు. అప్పటి చిల్లర చిట్టాలో తిండికే 46 శాతం దాకా వాటా ఉండేది. రెపో నిర్ణయానికి చూసేది చిల్లర లెక్కనే.

రైతుబజార్_సంచి
నాదొక మాట. ఆ జూలైలో ధర దింపడానికి నిజంగా ఏదో చేసింది ప్రభుత్వాలు. మన రైతుబజార్లలో కిలో 50కి అమ్మారు, ఢిల్లీలో కేంద్రం 90తో మొదలెట్టి తగ్గిస్తూ అమ్మింది. ఆ నెలే మామూలు తెల్ల బియ్యం ఎగుమతి ఆపారు, ఆగస్టులో ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం వేశారు. కొనేవాడికి మేలే. కాస్త ధర వచ్చిన ఏడాది రైతు చెయ్యి విరిచింది కూడా అదే. మీ పాఠంలో ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు.

చరిత్ర_మేడమ్
చెబుతాను. ఇంకొక్కటి. సరుకు లేక పెరిగే ధరల మీద రెపో పనిచేయదంటే, తిండిని లక్ష్యంలోంచే తీసేయొచ్చు కదా?

పాతరూపాయి
దీని మీద పెద్దవాళ్ళే తేల్చుకోలేదు. 2024 జూలై ఆర్థిక సర్వే, తిండిని మినహాయించిన ద్రవ్యోల్బణాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం పరిశీలించమంది. మరుసటి నెలే అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్, జనం ఖర్చులో అంత వాటా ఉన్న తిండిని పక్కన పెట్టలేమన్నారు. రెపో రేటు నిర్ణయించే ఆరుగురి కమిటీలో ఆ జూన్, ఆగస్టు సమావేశాల్లో ఇద్దరు సభ్యులు, ఆషిమా గోయల్, జయంత్ వర్మ, రేటు తగ్గించమని ఓటేశారు. మిగతా నలుగురూ ఉంచమన్నారు.

పుంజు_గారు
తిండి తీసేసి ద్రవ్యోల్బణం తక్కువని చెబితే జనం ఊరుకుంటారా!

సున్నాకూడిక
ఊరుకోరు, కానీ తిండి ఉంచి, వాన పడనందుకు ఇంటి లోన్ వడ్డీ పెంచితే మల్లన్న గారు ఊరుకుంటారా? నా మటుకు నాకు తిండి ఉండాలి, కానీ ఒక నెల అంకెకు ఉలిక్కిపడకూడదు. పాతరూపాయి గారు ఒప్పుకోరని తెలుసు.

పాతరూపాయి
ఒప్పుకోను. ఏ ఏడాది ఏదో ఒక పంట పోతూనే ఉంది. ఎన్నేళ్ళు “ఇది తాత్కాలికం” అంటాం?

మియాపూర్_మల్లన్న
బ్రాంచికి పోయిన. ఈఎంఐ పెంచమని రాసిచ్చిన. అసలు వరస చూపియ్యమంటే ఆమె కంప్యూటర్ నా దిక్కు తిప్పింది. 69 కాదన్నా, 71.